వైద్య పదాన్ని తోక నుంచి చదవండి

కోలిసిస్టైటిస్, కోలిసిస్టెక్టమీ, కోలిసిస్టాస్టమీ. ఈ మూడూ పక్కపక్కనే పెడితే అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. మొదటిది జబ్బు. రెండోది అవయవాన్ని తీసేసే ఆపరేషన్. మూడోది ఆ అవయవాన్ని అక్కడే ఉంచి, అందులోకి గొట్టం పెట్టే చికిత్స. తేడా అంతా చివరి రెండు మూడు అక్షరాల్లోనే ఉంది. నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివి మెడికల్ కోడింగ్ వైపు వస్తున్న యువత పదాల జాబితాలు ముందేసుకుని బట్టీ పడుతుంటారు. నూరో పదానికి వచ్చేసరికి పదో పదం జారిపోతుంది. ఈ తిప్పలు లేకుండా అర్థం రాబట్టే దారి ఒకటుంది: పదాన్ని తోక నుంచి చదవడం.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. పిత్తాశయం, మూత్రాశయం, గర్భాశయం అనే మాటలు చూడండి. చివరనున్న 'ఆశయం' అది ఒక సంచి లాంటిదని చెబుతుంది. ముందున్న ముక్క అది దేనికి సంచో చెబుతుంది. వైద్య పదం కూడా అచ్చం ఇలాగే తయారైంది. గ్రీకులో 'కోలే' అంటే పిత్తం, 'కిస్టిస్' అంటే సంచి. రెండూ కలిసి కోలిసిస్ట్, అంటే మన పిత్తాశయం. ఆస్పత్రిలో దాన్నే గాల్‌బ్లాడర్ అంటారు.

ఇక తోకల సంగతి. 'ఐటిస్' అంటే ఇప్పుడు వాపు, మంట అని అర్థం. గ్రీకులో మొదట దానికి 'ఫలానా దానికి సంబంధించిన' అనే అర్థమే ఉండేది. 'కీళ్లకు సంబంధించిన జబ్బు' అనే మాటలో జబ్బు అనే పదం వాడుకలో రాలిపోయి, ఆర్థ్రైటిస్ ఒక్కటే మిగిలింది. 'ఎక్టమీ'లో 'ఎక్' అంటే బయటకు, 'టోమే' అంటే కోత. కోసి బయటకు తీసేయడం అన్నమాట. 'ఆటమీ' అయితే కోత వరకే. 'ఆస్టమీ'లో ఉన్న 'స్టోమా' అంటే నోరు, అంటే బయటకు దారి తెరవడం. 'ఓసిస్' మాత్రం వదులైన తోక. ఒక స్థితి ఉందని చెబుతుంది, మంట ఉందని చెప్పదు. పెద్దపేగు గోడలో చిన్న చిన్న తిత్తులు ఏర్పడితే డైవర్టిక్యులోసిస్. చాలామందికి దానివల్ల ఏ బాధా ఉండదు. ఆ తిత్తులే వాచి నొప్పి పెడితే డైవర్టిక్యులైటిస్.

ఇప్పుడు ఊహకు ఒక కేసు ఫైలు తీసుకుందాం. డెబ్బై ఏళ్ల ఆమె కుడివైపు పైకడుపులో నొప్పి, జ్వరంతో ఆస్పత్రికి వచ్చింది. స్కానింగ్ రిపోర్టులో 'కోలిలిథియాసిస్' అని ఉంది. 'లిథ్' అంటే రాయి. చివరి 'ఇయాసిస్' ఓసిస్‌కు దగ్గరి చుట్టమే. పిత్తంలో రాళ్లున్న స్థితి అని తేలింది. రక్త పరీక్షలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 15,000 ఉన్నాయి. పెద్దవాళ్లలో మామూలుగా 11,000 దాటకూడదు. అందుకే 'లూకోసైటోసిస్' అని రాశారు. 'లూకో' తెలుపు, 'సైటో' కణం, ఇక్కడ ఓసిస్ అంటే ఎక్కువ కావడం. చివరికి డాక్టర్ తేల్చిన జబ్బు అక్యూట్ కోలిసిస్టైటిస్, అంటే పిత్తాశయానికి హఠాత్తుగా వచ్చిన వాపు.

ఆమెకు గుండె జబ్బు ఉంది. ఆ పరిస్థితిలో మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేయడం ప్రమాదమని 'పర్‌క్యుటేనియస్ కోలిసిస్టాస్టమీ' చేశారు. ముందు మాట లాటిన్‌ది. 'పెర్' అంటే గుండా, 'క్యుటిస్' అంటే చర్మం. చర్మం గుండా పిత్తాశయంలోకి గొట్టం పెట్టి, చెడిన పిత్తాన్ని బయటకు వదిలారు. కొన్ని వారాల తర్వాత ఆమె కోలుకున్నాక లాప్రోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ చేశారు. అప్పుడు గానీ పిత్తాశయం ఒంట్లోంచి పోలేదు.

ఈ రెండు చికిత్సలకూ మధ్య ఉన్న రోజులే కీలకం. ఆస్టమీని ఎవరైనా ఎక్టమీగా చదివి రికార్డులోకి ఎక్కించారనుకోండి, ఉన్న పిత్తాశయం కాగితం మీద లేకుండా పోతుంది. ఆ రోజుల్లో ఆమె మళ్లీ కడుపునొప్పితో వేరే డాక్టర్ దగ్గరకు వెళితే, పిత్తాశయం తీసేశారుగా అని ఆయన అనుమానం ఇంకో అవయవం మీదికి వెళ్లొచ్చు. బిల్లు లెక్కా తప్పుతుంది. హైదరాబాద్‌లో మనవాళ్లు చాలామంది అమెరికా ఆస్పత్రుల రికార్డులకు కోడ్‌లు వేస్తున్నారు. అక్కడి పద్ధతిలో గొట్టం పెట్టినందుకు 47490, లాప్రోస్కోపీతో తీసేసినందుకు 47562. జబ్బు కోడ్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. పిత్తాశయంలో రాళ్లు, దానికి తోడు హఠాత్తు వాపు ఉండి, అడ్డంకి లేకపోతే రెంటికీ కలిపి ఒకే కోడ్: K80.00. ఐటిస్ కనిపించింది కదా అని K81.0 కూడా పక్కన చేరిస్తే తప్పు. అది రాళ్లు లేని వాపు కోసం పెట్టిన కోడ్.

అలాగని ముక్కలు విడదీయడం తెలిస్తే అన్నీ తెలిసినట్టు కాదు. మొదటి చిక్కు ఎక్కడ విడదీయాలన్నది. కోలిసిస్టైటిస్‌లో 'సిస్టైటిస్' అనే మాట దాక్కుని ఉంది. విడిగా ఉంటే అది మూత్రాశయం వాపు. ఎందుకంటే ముందు ఏమీ చేర్చకుండా సిస్ట్ అంటే, వైద్య పదాల్లో చాలాసార్లు మూత్రాశయమనే అర్థం. అందువల్ల తోక చదివాక, ముందున్న ముక్కలన్నీ కలిపి ఏ అవయవమో తేల్చుకోవాలి. 'సిస్టెక్టమీ' మరీ గడుసుది. మూత్రాశయాన్ని తీసేసినా ఆ మాటే, అండాశయంలోని నీటి తిత్తిని తీసేసినా ఆ మాటే. ఆపరేషన్ నోట్ పూర్తిగా చదివితే గానీ ఏదో తెలియదు.

రెండో చిక్కు పాత పేర్లతో. స్టెతస్కోప్ కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లో లివర్ జబ్బుకు సిర్రోసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో 'కిర్రోస్' అంటే పసుపు కలిసిన గోధుమరంగు. ఆయన కంటికి కనిపించిన రంగది. లివర్ గట్టిపడి మచ్చలు కట్టడమే అసలు జబ్బు. ఆ సంగతి పేరులో ఎక్కడా లేదు. పేరు పెట్టినవాడు ఏం చూశాడో ముక్కలు చెబుతాయి, జబ్బు నిర్వచనం పుస్తకంలోనే చూసుకోవాలి.

కాబట్టి కొత్త పదం ఎదురైతే ముందు తోక చూడండి. అది జబ్బా, స్థితా, కోతా, తీసివేతా, దారి తెరవడమా అన్నది తేల్చండి. తర్వాత ముందున్న ముక్కలతో అవయవాన్ని పట్టుకోండి. మీకు వచ్చిన అర్థాన్ని తెలుగులో ఒక వాక్యంగా రాసి, అప్పుడు డిక్షనరీ తెరవండి. రెండూ కలిస్తే ఆ పదం మీదైనట్టే. కలవకపోతే ఏ ముక్క దగ్గర దారి తప్పారో వెంటనే తెలుస్తుంది, అదే ముక్క ఉన్న తర్వాతి పదం దగ్గర మళ్లీ తడబడరు.