అది మలయాళం పాట కాదు, త్యాగయ్య కీర్తన

ఈ పోస్టు కొంచెం పొడుగైంది, కొంచెం ఘాటుగానూ ఉంది. అయినా చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం మనవాళ్ళం కొందరం ఒక ఇంట్లో కూర్చుని ప్రియదర్శన్ తీసిన మలయాళ సినిమా 'చిత్రం' (1988) చూశాం. మోహన్‌లాల్ పాత్ర పాట అందుకోగానే కింద వస్తున్న ఇంగ్లీషు అక్షరాలు ఆగిపోయాయి. మాటలకు అనువాదం ఉంది, పాటకు లేదు. మాలో ఒకరు ఫోన్‌లో పాటను గుర్తుపట్టే యాప్ తెరిచారు. సినిమా పేరు, గాయకుడు ఎం.జి. శ్రీకుమార్ పేరు వచ్చాయి. మర్నాడు మన గ్రూపులో "ఎంత మధురమైన మలయాళం పాటో" అని వీడియో పడింది. దాని కింద నలభై చేతులు జోడించిన బొమ్మలు!

అది 'నగుమోము గనలేని'. ఆభేరి రాగంలో త్యాగరాజస్వామి కీర్తన. అచ్చంగా తెలుగు. తెలుగు సంఘమని బోర్డు పెట్టుకున్న మనం మన భాషనే పరభాష అన్నాం. మేమూ ఆ గదిలోనే ఉన్నాం కాబట్టి ఈ తిట్టు ముందు మాకే.

తప్పు యాప్‌ది కాదు. అలాంటి యాప్ ఒక రికార్డింగును తన దగ్గరున్న రికార్డింగులతో పోల్చి, అది ఏ ఆల్బంలోదో చెబుతుంది. పాట ఎవరు రాశారో, ఏ భాషలో ఉందో చెప్పడం దాని పని కాదు. ఆల్బం మలయాళం కాబట్టి పాటా మలయాళమే అనుకున్నది మనం.

రాగాన్ని బట్టి పట్టుకోవచ్చు కదా అని ఒక అన్న అన్నారు. అదీ చాలదు. ఇక్కడ హిందుస్తానీ నేర్చుకున్న మరాఠీ మిత్రుడికి వినిపిస్తే "భీంపలాసీ" అంటారు. ఆయన మాట తప్పేమీ కాదు, ఈ రోజు పాడే ఆభేరి దానికి చాలా దగ్గర. కానీ ఒక రాగంలో ఎన్నో పాటలుంటాయి. రాగం ఇల్లు చూపిస్తుంది, మనిషిని చూపించదు.

మరి చేయాల్సిందేమిటి? ఆ ఘట్టాన్ని వెనక్కి తిప్పి, తెర చూడకుండా వినాలి. వినబడింది వినబడినట్టు తెలుగు లిపిలో రాసుకోవాలి, ఇంగ్లీషు అక్షరాల్లో వద్దు. అందులో ల, ళ ఒకటైపోతాయి, త, ట ఒకటైపోతాయి, దీర్ఘాలు పోతాయి. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి ఒకసారి అందని అక్షరం రెండోసారి అందుతుంది. కీర్తనకు పేరు పల్లవి మొదటి మాటలే. ఆ రెండు మూడు మాటలు చేతికొస్తే వెతకడం సులువు. తర్వాత బాలమురళీకృష్ణ గారి లాంటి వేరే గాయకుల పాట పెట్టుకుని, మాట మాటా సరిచూడాలి. చరణంలో 'త్యాగరాజ' అనే ముద్ర వస్తే ఇక సందేహం లేదు. సినిమాలో పాటను ముందే కత్తిరిస్తే ముద్ర వినబడకపోవచ్చు. అది లేదని త్యాగయ్యది కాదనకూడదు.

ఇక రెండో రకం వాళ్ళకు ఒక మాట. ఇది చదివి, 'చిత్రం'లోని శాస్త్రీయ పాటలన్నీ మనవేనని ఛాతీ విరుచుకునేవాళ్ళు ఉంటారు. ఆగండి. అదే సినిమాలో 'స్వామినాథ పరిపాలయ' ఉంది. అది ముత్తుస్వామి దీక్షితుల కృతి, సంస్కృతం. మాటలన్నీ మనకు తెలిసినట్టే ఉంటాయి, ఎందుకంటే ఆ సంస్కృత పదాలు మనమూ వాడతాం. తేడా తెలిసేది క్రియ దగ్గర. 'గనలేని' అంటే చూడలేని, ఇది మన ఇంటి మాట. 'పరిపాలయ' అంటే కాపాడు అని, అది సంస్కృత క్రియ. మనం 'పాలించు' అంటాం, 'పాలయ' అనం. దీక్షితుల ముద్ర కూడా వేరు, 'గురుగుహ'. మనదాన్ని వదులుకోవడం ఎంత తప్పో, మనది కానిదాన్ని లాక్కోవడం అంతే తప్పు.

"పాట బాగుంటే చాలదా, ఏ భాషైతే ఏంటి?" అని ఒక అక్క అడిగారు. చాలదక్కా. మన పిల్లలు బడిలో మరాఠీ, బయట హిందీ మాట్లాడతారు. ఇంట్లో వినే తెలుగు కొంచెమే. ఆ కొంచెం తెరమీద వినబడినప్పుడు మనమే "అది మలయాళం" అంటే, వాళ్ళు జీవితాంతం అదే నమ్ముతారు. ఆ ఘట్టంలో పాత్ర ఏం పాడుతోందో కూడా వాళ్ళకు తెలియదు. నవ్వు మొహం కనబడటం లేదని దేవుణ్ణి నిలదీస్తున్న ఆ బాధ అర్థమయ్యే అదృష్టం ఆ గదిలో మనకే ఉంది. మనమే దాన్ని పోగొట్టుకున్నాం.

అందుకని ఆ వీడియో పెట్టినవారు పేరు సరిచేసి మళ్ళీ పెట్టాలి: 'నగుమోము గనలేని', త్యాగరాజు, తెలుగు. చేతులు జోడించిన నలభై మందీ ఒక్కసారి కళ్ళు మూసుకుని పల్లవి వినాలి. విన్నాక ఒక్క మాట రాయండి చాలు, మొదటి పదం ఎప్పుడు పట్టుకున్నారో.