మెట్లు దిగే ముందు ఓ కాగితం

ధర్మవరంలో గుంత మగ్గానికి నేల తవ్వాలి, అందుకే నేత ఇళ్లలో కింది గది మగ్గానిది. హిందూపురం, పెనుకొండ బజారు వీధుల్లో అది షట్టరు దుకాణానిది. అద్దెకుండేవాళ్లకు మిగిలేది చాలాచోట్ల లిఫ్టు లేని పై వాటా. ఇంట్లో నెలలు నిండుతున్న ఆడబిడ్డో, కాలు విరిగిన పెద్దాయనో ఉంటే, కింది వాటా ఖాళీ అవుతోందని తెలియగానే యజమానిని అడగాలి. ఇది మనవే, హక్కు కాదు. గర్భిణి ఉందని కింది వాటా ఇచ్చి తీరాలని అద్దె చట్టం యజమానిని నిర్బంధించదు.

తగాదా వచ్చేది ఆయన ఒప్పుకున్నాకే. ఒకే ఇల్లు కదా అని పాత అగ్రిమెంటుతో నెట్టుకొస్తారు. అందులో రాసున్నది పై వాటా! పైన అద్దె 5,000, అడ్వాన్సు 30,000, కింద అద్దె 6,000 అనుకుందాం. పై వాటా ఫలానా తేదీన అప్పగించామని, ఆ 30,000 కింది వాటాకు జమ అయిందని, అదే తేదీ నుంచి అద్దె 6,000 అని కొత్త కాగితంలో ఉండాలి. లేకుంటే ఆ నెల రెండు అద్దెలూ అడిగే వీలుంటుంది. కరెంటు మీటర్లు వేరైతే, దిగిన రోజే రెండు రీడింగులూ ఫోటో తీసుకోవాలి. కాన్పయ్యాక మళ్లీ పైకి వెళ్లే ఉద్దేశముంటే అదీ రాయించాలి.

యజమానులు సున్నం ఖర్చు అడిగితే న్యాయమే. కొత్తగా మరో అడ్వాన్సు మాత్రం ఎందుకు? వచ్చింది కొత్తవాళ్లు కాదుగా.