గ్రూపు కలిస్తే చాలదు, మనిషి కలవాలి

"మావాడిది 'ఓ' పాజిటివ్. సంచి మీద కూడా 'ఓ' పాజిటివ్ అనే ఉంది. ఇంకా ఏం పరీక్షలండీ, గంటసేపు కూర్చోబెట్టారు!" రక్తనిధి కిటికీ దగ్గర ఈ కోపాన్ని నా ఉద్యోగ జీవితమంతా విన్నాను. కోపం సహజమే, కానీ అది తప్పు చోట పడుతోంది. రక్తనిధివారు ఎందుకు ఆలస్యం చేస్తున్నారని మీరు అడుగుతున్నారు. వారి చేతికి వెళ్లిన గొట్టంలో ఉన్న రక్తం అసలు మీవాడిదేనా అని ఎవరూ అడగడం లేదు. ప్రాణం తీసే పొరపాటు ఆ రెండో చోట కూడా జరుగుతుంది.

అసలు పొసగకపోవడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఎర్ర రక్తకణం పైపొర మీద చక్కెర అణువుల గొలుసులు ఉంటాయి. దాదాపు మనందరిలోనూ ఉండే మూల గొలుసు పేరు హెచ్. దాని కొసకు ఒక రకం చక్కెర చేరితే 'ఎ', మరో రకం చేరితే 'బి', రెండూ చేరితే 'ఎబి', ఏదీ చేరకపోతే 'ఓ'. ఈ గుర్తులనే యాంటిజెన్లు అంటాం. మన దగ్గర లేని గుర్తుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు మన ప్లాస్మాలో సిద్ధంగా ఉంటాయి. వింత ఏమిటంటే, వాటి కోసం మనం ఒక్కసారైనా పరాయి రక్తం ఎక్కించుకోనక్కరలేదు. పేగుల్లో చేరే బాక్టీరియా మీద ఇలాంటి చక్కెరలే ఉండటం వల్ల పుట్టిన కొన్ని నెలలకే శిశువు శరీరం వాటిని తయారు చేసుకుంటుంది. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన ప్రయోగశాలలోని వారి రక్తాలను ఒకదానితో ఒకటి కలిపి చూసి, కొన్ని జంటల్లో కణాలు గడ్డలు కట్టడాన్ని వివరించింది ఈ యాంటీబాడీల మూలంగానే.

కాబట్టి 'ఓ' గ్రూపు మనిషిలోకి 'ఎ' రక్తం వెళితే శరీరం ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు. సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు ఆ కణాలను పట్టుకుంటాయి, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లను పిలుస్తాయి, అవి కణాల పొరకు రంధ్రాలు పొడుస్తాయి. రక్తనాళంలోనే కణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటపడుతుంది. రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, గడ్డకట్టే పదార్థాలు ఖర్చయిపోయి సూది గుచ్చిన చోటల్లా రక్తం కారడం మొదలవుతుంది. దీనికి సంచి అంతా వెళ్లనక్కరలేదు. యాభై మిల్లీలీటర్ల లోపే చాలు.

ఆర్‌హెచ్ కథ వేరు. నెగటివ్ మనిషిలో డి యాంటిజెన్‌కు వ్యతిరేకమైన యాంటీబాడీ పుట్టుకతో ఉండదు. పాజిటివ్ రక్తం మొదటిసారి వెళ్లినప్పుడు సాధారణంగా ఏమీ జరిగినట్టు కనిపించదు. శరీరం నిదానంగా యాంటీబాడీ తయారు చేసుకుంటుంది. మూల్యం చెల్లించేది రెండోసారి ఎక్కించినప్పుడు. ఆ మనిషి స్త్రీ అయితే, తరువాత కడుపున పడే పాజిటివ్ బిడ్డ ఆ మూల్యం చెల్లిస్తుంది.

ఇక నా కథ. నేను వైద్యవృత్తిలో చేరిన తొలి రోజులవి. వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లులున్నారు. ఏడో పడక మనిషికి తొడ ఎముక విరిగింది. పదకొండో పడక మనిషికి కడుపులో పుండు నుంచి రక్తం పోతోంది. ఇద్దరికీ రక్తం కావాలి. ఇద్దరి దగ్గరా నేనే నమూనాలు తీశాను. పేర్లు రాయకుండా రెండు గొట్టాలనూ జేబులో వేసుకుని, నర్సుల బల్ల దగ్గరకు వచ్చి తీరిగ్గా రాశాను. రెండూ తారుమారయ్యాయి.

తరువాత ఏమి జరిగిందో గమనించండి. రక్తనిధిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. గొట్టంలోని రక్తాన్ని 'ఎ' అని సరిగానే గుర్తించారు. 'ఎ' దాత కణాలను ఆ గొట్టంలోని సీరంతో కలిపి, శరీర ఉష్ణోగ్రత దగ్గర ఉంచి, కూంబ్స్ పరీక్ష కూడా చేసి, గడ్డలు కట్టలేదని చూసి సంచి పంపారు. క్రాస్‌మ్యాచ్ అంటే ఇదే. ఇది ఎంత గొప్ప పరీక్షో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1952లో బొంబాయి వైద్యులు వెల్లడించిన అరుదైన గ్రూపువారిలో హెచ్ గొలుసే ఉండదు. మామూలు పరీక్షలో వారు 'ఓ'గా కనిపిస్తారు, కానీ 'ఓ' రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. ఆ ముప్పును క్రాస్‌మ్యాచ్ పట్టుకుంటుంది. కానీ ఈ సంచి ఈ గొట్టానికి పొసుగుతుందా అన్న ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. గొట్టం ఎవరిదో అది చెప్పలేదు.

ఏడో పడకకు 'ఎ' రక్తం పెట్టారు. పది నిమిషాలకు చేతి నరం వెంబడి మంట అన్నాడు. తరువాత చలి, వణుకు, నడుము నొప్పి, ఏదో అయిపోతోందన్న భయం. అది మామూలు చలిజ్వరమేనని ఎవరో అలర్జీ సూది వేసి రక్తాన్ని అలాగే పోనిచ్చారు. మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో వచ్చాకే గొట్టం మూశాం. అతను బతికాడు, కొన్ని వారాల డయాలసిస్ తరువాత. పదకొండో పడక మనిషికి 'ఓ' సంచి వెళ్లింది. అతనికి ఏమీ కాలేదు, ఎందుకంటే 'ఓ' కణాల మీద దాడి చేయడానికి 'ఎ' గానీ 'బి' గానీ ఉండవు. ఏడో పడక మనిషి ఒంట్లో వ్యతిరేకత లేకపోయి ఉంటే, నా తప్పు నాకే ఎప్పటికీ తెలిసేది కాదు. ఇలా అదృష్టం కప్పిపుచ్చిన పొరపాట్లు ఎన్ని ఉంటాయో ఏ రిజిస్టరులోనూ దొరకవు.

మరొక సంగతి ఇప్పటికీ నన్ను విడవదు. అతని భార్య దగ్గర రక్తదానం చేసినప్పటి పాత కార్డు ఉంది. దాని మీద 'ఓ' అని ఉంది. ఆమె దాన్ని చూపిస్తే, "పాత కాగితాలు మాకెందుకమ్మా" అన్నారు. కార్డును నమ్మి రక్తం ఎక్కించకూడదన్నది నిజమే. కానీ కార్డుకూ కొత్త రిపోర్టుకూ తేడా వస్తే అది ప్రమాద ఘంటిక. అక్కడ ఆగి, రెండో నమూనా తీసి, మళ్లీ పరీక్షించి తీరాలి. వేరు వేరు సమయాల్లో తీసిన రెండు నమూనాలు ఒకే గ్రూపు చూపించాలని చాలా చోట్ల నియమం పెట్టుకున్నది ఇందుకే. మన దగ్గర ఆ రెండో సూదిని రోగి బంధువులే "మళ్లీ ఎందుకు గుచ్చుతారు" అని అడ్డుకుంటారు, డాక్టరు "సరేలెండి" అంటాడు. ఇద్దరిదీ తప్పే.

మా వృత్తివారి సమాధానం నాకు తెలుసు: పడకలు ఎక్కువ, చేతులు తక్కువ. నిజమే. కానీ పడక పక్కనే నిలబడి గొట్టం మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు రాయడానికి అర నిమిషం పడుతుంది. రద్దీ ఉన్న వార్డులోనే పేర్లు కలిసిపోయే అవకాశం ఎక్కువ కనుక, ఆ అర నిమిషం అక్కడే మరింత అవసరం. ఇంకొకటి: "వెంకటేశ్వర్లేనా?" అని అడిగితే జ్వరంలో ఉన్న సుబ్బారావు కూడా తల ఊపుతాడు. అడగవలసింది "మీ పేరేమిటి?" అని. నంబరు చేతి పట్టీ మీదిదీ, సంచి చీటీ మీదిదీ కలవాలి. పడక నంబరు మనిషి గుర్తు కాదు, పడకలు మారతాయి.

కనుక మీ ఇంట్లో ఎవరికైనా రక్తం తీస్తున్నప్పుడు, గొట్టం మీద పేరు మీ కళ్ల ముందే రాయమని అడగండి. పేరు రాయని గొట్టాన్ని మీ చేతికిచ్చి రక్తనిధికి పొమ్మంటే తీసుకోకండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రక్తం మొదలుపెట్టిన తొలి పదిహేను నిమిషాలు మంచం వదలకండి. చలి, నడుము నొప్పి, ఛాతీలో బిగువు, మూత్రం రంగు మారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలిచి రక్తం ఆపమనండి. సూది తీయనక్కరలేదు, అదే దారిలో సెలైన్ పెడతారు. సంచిని పారేయనివ్వకండి. అది రోగి కొత్త నమూనాతో కలిసి మళ్లీ రక్తనిధికి వెళ్లాలి. అదే గంటలో పదకొండో పడకను కూడా చూడమని చెప్పండి. ఒక గొట్టం తారుమారైతే, రెండోది ఎక్కడో మరో మనిషి పేరున ఉన్నట్టే.