ఆ గదిలో ఏముందో అడగండి

దూరదేశాల్లో చదువుకుంటున్న మనవలకు, మనవరాళ్లకు,

ఆగస్టులో మీ చదువులు మొదలవుతాయి. మీరు విమానం ఎక్కిన కొన్నాళ్లకు మా సాహిత్య సమావేశానికి ఒక అమ్మ కవిత పట్టుకొస్తుంది. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అలాంటివి చాలా విన్నాను. వాటిలో ఒకదాని గురించి మీకు చెప్పాలి. కొడుకు ఎమ్మెస్ కోసం టెక్సస్ వెళ్లాక అతని గది మీద ఒక తల్లి రాసిన కవిత అది.

మొదట తెచ్చినప్పుడు అది రెండు పేజీలుంది. గూడు విడిచిన పక్షి, ఆరిపోయిన దీపం, గుండెల్లో శూన్యం, ప్రతి నాలుగు పాదాలకీ 'నాయనా' అన్న పిలుపు. విన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కానీ అదే కవిత కొడుక్కి పంపితే వాడు భయపడి, ఒంట్లో ఎలా ఉందని అర్ధరాత్రి ఫోన్ చేశాడట. వాడు భయపడ్డాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో కరుణకీ విప్రలంభానికీ మధ్య ఒక గీత గీశాడు. మళ్లీ కలుస్తామన్న ఆశ లేనిది కరుణ, ఆశ మిగిలి ఉన్నది విప్రలంభం. ఆయన ప్రేమికుల ఎడబాటు గురించే చెప్పాడు గానీ, తల్లీబిడ్డల ఎడబాటుకీ ఆ గీత పనికొస్తుంది. ఆరిపోయిన దీపం చావింటి మాట. చదువుకోడానికి వెళ్లిన పిల్లవాడి మీద ఆ మాట వాడితే, వాడు తన మీద తానే సంతాప కవిత చదువుకున్నట్టు అవుతుంది.

ఇంకో సంగతి మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. శోకాన్ని శోకమనే పేరు పెట్టి చెబితే అది రసదోషం. దుఃఖం కలిగించే వస్తువుల్ని చూపించాలి, దుఃఖం చదివేవాడిలో పుట్టాలి. అందుకని ఆమెను ఒకటే అడిగాను: "అమ్మా, ఆ గదిలో ఇప్పుడేముంది?"

ఆమె చెప్పుకుంటూ పోయింది. సూట్‌కేసు తూచడానికి కొన్న చిన్న కాటా ఇంకా తలుపు గడియకే ఉంది. పెట్టెకి ఇరవైమూడు కిలోలే కాబట్టి, సర్దే రాత్రి తీసి పక్కన పెట్టినవన్నీ మంచం మీదే ఉన్నాయి. ఆ తర్వాత కాసేపు ఆగి, చెప్పకూడని మాటలా చెప్పింది: సంక్రాంతికి కొత్త బియ్యం వస్తే పెట్టడానికి చోటు లేక ఆ గదిలోనే వేశారట. వాడు వీడియో కాల్‌లో గది చూపించమంటే ముందు బస్తాలు పక్కకి జరిపి, తర్వాత ఫోన్ తిప్పుతుందట. ఇది కవితలో పెడితే ప్రేమ లేని తల్లి అనుకుంటారని దాచింది. కవితంతా అక్కడే ఉందన్నాను. నెల తర్వాత ఆమె తెచ్చిన పాదాలివి:

తలుపు గడియకి కాటా వేలాడుతోంది
ఇరవైమూడు దాటినవన్నీ మంచం మీదే ఉన్నాయి
బొంత, రెండో ఆవకాయ సీసా, నాన్న కొన్న బూట్లు

కొత్త బియ్యం వచ్చాయి
చోటు లేక ఇక్కడే వేశాం
నువ్వు గది చూపించమన్నప్పుడల్లా
ముందు బస్తాలు జరుపుతాను

చూడండి, 'నువ్వు' అన్న మాట ఆరో పాదం దాకా రాలేదు. మొదటి కవితలో అడుగడుగునా పిలిచిన పిలుపు ఇక్కడ ఒక్కసారి వచ్చింది, అందుకే తగిలింది. ఇక గది ఖాళీగా ఉందని ఆమె ఎక్కడా అనలేదు. నిజానికి అది ఖాళీగా లేదు. రోజులు గడిచేకొద్దీ ఇంటి అవసరాలు ఆ గదిలోకి వచ్చి చేరుతున్నాయి, ఆమె వాటిని ఆపలేదు, అలాగని పూర్తిగా ఒప్పుకోనూ లేదు. ఆ రెండింటి మధ్య నలిగే తల్లి మనసు బస్తా జరిపే చేతుల్లో కనిపిస్తుంది. మామూలుగా చేసే ఆ పని పక్కన నిలబడగల ఉపమానం నాకు తోచలేదు.

చివర 'నువ్వు వచ్చేదాకా' అని ఒక పాదం కలపమని సమావేశంలో కొందరన్నారు. వద్దన్నాను. గది అలాగే ఉందని వాడికి చూపించాలనుకోవడంలోనే ఆ ఆశ ఉంది. మళ్లీ పైకి చెబితే కొడుకు నెత్తిన గడువు పెట్టినట్టవుతుంది. ఆమె ఒకటి రెండు రోజులు ఆలోచించి, కలపకుండానే ఉంచింది.

పిల్లలూ, మీ ఇంటి నుంచి ఇలాంటి కవిత వస్తే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకోకండి. "ఏడవకమ్మా" అనీ రాయకండి, ఆమె ఏడుపు రాయలేదు. అందులో ఉన్న వస్తువుల్ని పట్టుకుని అడగండి. బొంత ఎండలో వేశారా, బూట్లు నాన్న తొడుక్కుంటున్నారా, ఈసారి బియ్యం ఎన్ని బస్తాలు వచ్చాయి? ఆవకాయ సీసా ఎవరైనా తెరిచారేమో కూడా అడగండి. అమ్మ మొదట తడబడుతుంది. బస్తాలు జరపకుండానే గది చూపించమనండి.

మీ,
తాతయ్య వయసున్న ఒక తెలుగు మాస్టారు