మధ్యలో ఇంగ్లిష్... అన్నయ్య కాస్తా తమ్ముడు!

కొరియన్ సిరీస్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాయాలంటే కొరియన్ వచ్చి తీరాలనుకుంటారు చాలామంది. చాలాసార్లు అక్కర్లేదు. మన చేతికొచ్చేది టెంప్లేట్ అనే ఫైలు. అందులో ప్రతి డైలాగుకీ టైమ్‌కోడ్, పక్కనే ఇంగ్లిష్ వాక్యం ఉంటాయి. కొరియన్ తెలిసిన ఒకరు ఇంగ్లిష్‌లో రాస్తే, దాన్నుంచి మిగతా భాషలవాళ్లు ఎవరి భాషలోకి వాళ్లు మార్చుకుంటారు. దీన్నే రిలే అనువాదం అంటారు.

ఖర్చు కలిసొస్తుంది, కాదనను. కానీ కొరియన్‌లోనూ తెలుగులోనూ ఉండి ఇంగ్లిష్‌లో లేనివి కొన్ని ఉన్నాయి. అవే దారిలో జారిపోతాయి.

ఉదాహరణకి ఒక కుర్రాడు తన అన్నని ‘హ్యోంగ్’ అని పిలిచి, మర్యాదగా భోజనం అయిందా అని అడిగాడనుకోండి. హ్యోంగ్ అంటే మగవాడు తనకంటే పెద్దవాడైన అన్నని పిలిచే మాట. క్రియలో గౌరవం కూడా ఉంది. తెలుగులో హాయిగా ‘అన్నయ్యా, భోంచేశారా?’ అనొచ్చు. ఇంగ్లిష్‌లో అది ‘బ్రదర్, డిడ్ యూ ఈట్?’ అయింది. పెద్దా చిన్నా తేడా పోయింది, మీరు అన్న గౌరవమూ పోయింది. తెలుగు అనువాదకుడు ఊహించి ‘తిన్నావా తమ్ముడూ?’ అని రాశాడు.

తప్పు అక్కడితో ఆగదు. తమ్ముడని అనుకున్నాక, తర్వాతి సీన్లో అతను చేసే విన్నపం ఆజ్ఞలా మారుతుంది. నాలుగో ఎపిసోడ్‌లో ‘నన్ను పెంచింది నువ్వే’ అనగానే ప్రేక్షకుడికి తల తిరుగుతుంది. వింతేమిటంటే ఆ ఇంగ్లిష్ వాక్యంలో తప్పేమీ లేదు. అందుకే ఎంత జాగ్రత్తగా చదివినా దొరకదు. పైగా అదే టెంప్లేట్ పది భాషలకి వెళ్తే, అదే సందిగ్ధం పది చోట్లకీ వెళ్తుంది.

లెక్కలో చూసినా అంతే. ఒక్కో మజిలీలో నూటికి 95 వాక్యాలు సరిగ్గా దాటాయనుకుందాం. రెండు మజిలీలయ్యేసరికి మిగిలేవి సుమారు 90.

మరి మాట పడేదెవరు? తెరమీద కనిపించేది తెలుగే కాబట్టి తెలుగు రాసినవాడే. ఇది న్యాయం కాదు. ‘అన్నతో, గౌరవంగా’ అని టెంప్లేట్‌లో చిన్న నోట్ రాయించడం పని ఇచ్చేవాళ్ల బాధ్యత. నోట్ లేకపోతే అడగడానికి మీరు మొహమాటపడకండి. వీడియో లేకుండా ఫైలు ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి. ఎవరు ఎవరికి తలవంచి నమస్కరిస్తున్నారో చూసినా సగం సందేహం తీరుతుంది. వరసలు తెలిపే ఇరవై ముప్పై కొరియన్ మాటలు చెవికి పట్టేలా నేర్చుకోండి.

అలాగని నేరుగా కొరియన్ నుంచి చేస్తే అన్నీ తీరిపోవు. ‘ఓప్పా’ అంటే అమ్మాయి తన అన్నని పిలిచే మాట. ప్రేమించినవాణ్నీ అలాగే పిలుస్తుంది. అక్కడ ‘అన్నయ్యా’ అని రాశారో, ఇక ఆ ప్రేమకథ సంగతి అంతే!