తలనొప్పి పోయిందని బీపీ బిళ్ళ మానేశారా?

అక్కలూ, చెల్లెళ్ళూ, ఊళ్ళో ఉండి ఇది చదువుతున్న అమ్మలూ, పిన్నులూ! ఈసారి ఒక మాట కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. "బీపీ బిళ్ళ వేసుకుంటే అలవాటైపోతుంది, తలనొప్పి తగ్గింది కదా, ఇక మానెయ్" అని మన ఇళ్ళల్లో ప్రేమగా చెప్పే మాట ఉంది చూడండి, అది మనవాళ్ళ కిడ్నీలు తినేస్తోంది.

నాకు బాగా తెలిసిన ఒక అక్క సంగతి చెప్తాను. పేరు వద్దన్నారు. అమలాపురం దగ్గర పల్లెటూరు, మస్కట్ పక్కన సీబ్‌లో ఒకరింట్లో పని. ఒమన్ వచ్చేముందు, 38 ఏళ్ళప్పుడు, తలనొప్పి అని ఊళ్ళో చూపించుకుంటే బీపీ 150/96 ఉంది. అప్పుడే చేసిన రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.8, అంటే కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఆమ్లోడిపిన్ బిళ్ళ రాశారు. నెల వాడింది. తలనొప్పి పోయింది, పాదాలు కొంచెం వాచాయి. వాళ్ళ అత్తగారు మానెయ్యమన్నారు, మానేసింది. నిజానికి ఆ బిళ్ళతో కొందరికి పాదాలు వాస్తాయి. డాక్టరుకి చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే బిళ్ళ ఇస్తారు. ఆ ఒక్క మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు.

తర్వాత పదకొండేళ్ళు. "రెండేళ్ళకోసారి వీసాకి మెడికల్ చేస్తున్నారు కదమ్మా, ప్రతిసారీ పాస్ అయ్యాను" అనేది. వీసా మెడికల్ ముఖ్యంగా అంటురోగాల కోసం. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, రక్తంలో హెచ్ఐవీ, కామెర్ల వైరస్ లాంటివి చూస్తారు. అందులో పాస్ అయినంత మాత్రాన మన గుండె, కిడ్నీ బాగున్నట్టు కాదు.

ఈ పదకొండేళ్ళలో లోపల ఏం జరిగిందో మన గోదావరి కాలువ లెక్కలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. బీపీ ఎక్కువుంటే ప్రతి దెబ్బా రక్తనాళాల గోడకి గట్టిగా తగులుతుంది. పెద్ద నాళాల లోపలి పొర దెబ్బతిని అక్కడ కొవ్వు పేరుకుంటుంది, గోడలు బిరుసెక్కుతాయి. సన్నటి నాళాలేమో ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి గోడలు మందం చేసుకుంటాయి. గోడ మందమైతే లోపల దారి ఇరుకవుతుంది.

కిడ్నీ అంటే అలాంటి సన్నటి నాళాల చివర ఉన్న జల్లెళ్ళ గుత్తి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెళ్ళు. మెయిన్ కాలువ నిండుగా పారుతున్నా బోదె పూడిపోతే శివారు పొలం ఎండుతుంది కదా, కిడ్నీ ఆ శివారు రైతు లాంటిది. తన దగ్గరికి రక్తం సరిగ్గా రాకపోయేసరికి బీపీ తగ్గిపోయిందనుకుంటుంది. రెనిన్ అనే పదార్థాన్ని వదిలి, పైనుంచి ఇంకా వదలమని కబురు పెడుతుంది. దాంతో బీపీ ఇంకా పెరుగుతుంది. నాళాలు ఇంకా ఇరుకవుతాయి. కొన్ని జల్లెళ్ళు మచ్చకట్టి మూసుకుపోతాయి. మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుని, ఆ ఒత్తిడికి చిల్లుపడి, రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్‌ని మూత్రంలోకి వదిలేస్తాయి. బీపీ కిడ్నీని పాడుచేస్తుంది, పాడైన కిడ్నీ బీపీని పెంచుతుంది. ఈ గిరగిర తిరుగుడంతా నొప్పి లేకుండానే జరుగుతుంది. అందుకే తలనొప్పిని పట్టుకుని బీపీ ఉందో లేదో చెప్పలేం.

గుండె సంగతీ అంతే. రోజూ గ్యాస్ బండ మోసేవాళ్ళ చేతి కండలు గట్టిపడతాయి. ఎదురొత్తిడి మీద రక్తం తోసే గుండె కండ కూడా అలాగే మందమవుతుంది. చేతికైతే బలమే. గుండె మాత్రం కొట్టుకున్నాక వదులై, మళ్ళీ రక్తంతో నిండాలి. మందమైన గుండె సరిగ్గా వదులవదు. రక్తం ఊపిరితిత్తుల వైపు ఆగిపోతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

అక్కకి వచ్చిన గుర్తులు ఇవే. బట్టలారేయడానికి మేడ మీదికి వెళ్తూ మధ్యలో ఆగేది. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేచేది. మూత్రం నురగ కట్టి, నీళ్ళు పోసినా ఆ నురగ పోయేది కాదు. "వయసొచ్చింది కదా" అనుకుంది. రోజంతా టైల్స్ మీద నిలబడి మోకాళ్ళు నొప్పులని డైక్లోఫినాక్ బిళ్ళలు వారానికి నాలుగైదు వేసుకునేది. ఆ బిళ్ళలు బీపీని పెంచుతాయి, కిడ్నీకి వెళ్ళే రక్తాన్నీ తగ్గిస్తాయి. ఒమన్ ఎండలో, మాటిమాటికీ బాత్రూంకి వెళ్ళాలని నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకి ఇంకా ప్రమాదం. (నొప్పికి పారాసిటమాల్ దీనికన్నా నయం, అదీ డాక్టరు చెప్పినంతే.)

పోయిన సెలవుల్లో, 49 ఏళ్ళప్పుడు, మేం బలవంతాన చూపించాం. బీపీ 178/104. గుండె స్కాన్‌లో గోడ మందం 13 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళకి 9 దాటకూడదు. క్రియాటినిన్ 1.3. రిపోర్టులో పక్కనే రాసిన నార్మల్‌కి కొంచెమే ఎక్కువ కదా అని వాళ్ళ తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆమె వయసుకి 1.3 అంటే కిడ్నీలు వడకట్టే శక్తి 50కి వచ్చిందని లెక్క. మొదట్లో 0.8 ఉన్నప్పుడు అది 97. దాదాపు సగం పోయేదాకా ఈ పరీక్షలో తేడా పెద్దగా కనపడదు, మోసం అక్కడే ఉంది. మూత్రంలో ఆల్బుమిన్ మాత్రం చాలా ముందే కనపడుతుంది. అందుకే నా పట్టుదల ఈ చిన్న పరీక్ష మీదే. సెలవుకి వెళ్ళినప్పుడు బీపీ ఉన్న ప్రతివాళ్ళూ "యూరిన్ ఆల్బుమిన్ క్రియాటినిన్ రేషియో" అని పేరుపెట్టి అడగండి, రక్తంలో క్రియాటినిన్‌తో పాటు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చి తగ్గినవాళ్ళు కూడా ఏటా బీపీ చూపించుకోవాలి, వాళ్ళకి తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

శ్రీకాకుళం చెల్లెళ్ళు కొందరు "మాది ఉద్దానం, అంతా నీళ్ళ వల్లే" అంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇంతవరకూ తేలలేదు. అది వేరే కథ. కారణం తేలని జబ్బు పేరు చెప్పి, కారణం కళ్ళముందున్న బీపీని వదిలేయకండి.

అక్క విషయంలో డాక్టరు షుగర్ లేదని, కిడ్నీ స్కాన్‌లో వేరే జబ్బు లేదని చూశాకే ఇది ఏళ్ళ తరబడి బీపీ వల్ల అయి ఉంటుందన్నారు. కిడ్నీ జల్లెళ్ళ మీద ఒత్తిడి తగ్గించే లోసార్టాన్ మొదలుపెట్టి, రెండు వారాలకి మళ్ళీ క్రియాటినిన్, పొటాషియం చూశారు. పిల్లల్ని కనాలనుకునేవాళ్ళు ఆ బిళ్ళ వాడకూడదు, డాక్టరుకి ముందే చెప్పాలి. డైక్లోఫినాక్ మాన్పించారు. ఊరి నుంచి వచ్చే ఆవకాయ, ఎండు చేపలు తగ్గించమన్నారు. ఆవిడ ఎక్కువ బాధపడింది ఈ ఒక్కదానికే!

మచ్చకట్టిన జల్లెళ్ళు మళ్ళీ తెరుచుకోవు. మిగిలినవాటిని కాపాడుకోవడమే. ఇప్పుడు ఆమె బీపీ 128/80 దగ్గర ఉంటోంది, మూత్రంలో ఆల్బుమిన్ తగ్గింది. మొన్న రువిలో చేయించిన క్రియాటినిన్ 1.3, పెరగలేదు. వాళ్ళ అత్తగారు ఇప్పుడు రోజూ రాత్రి వాయిస్ మెసేజ్ పెడుతున్నారు, "బిళ్ళ వేసుకున్నావా తల్లీ?" అని.