చెప్పింది చెప్పినట్టు రాయండి
అంతర్గత కమిటీల, స్థానిక కమిటీల సభ్యులకు, కార్మిక సంఘాల వారికి విజ్ఞప్తి

పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలంది. అంతకన్నా చిన్న చోట్ల పనిచేసేవాళ్ళకూ, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవాళ్ళకూ జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలంది. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలని 9వ సెక్షన్ చెబుతుంది. రాసి ఇవ్వలేని మహిళకు కమిటీ అధ్యక్షురాలో సభ్యులో అన్నివిధాలా సాయపడి రాయించాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. అంటే అది మీరు దయతలచి చేసే పని కాదు, మీ విధి. ఐతే ఎలా రాయాలో చట్టం వివరించలేదు. ఆ ఖాళీలోనే ఫిర్యాదులు చెడిపోతున్నాయి. విచారణ మొదలు కాకముందే, మొదటి కాగితం మీదే చెడిపోతున్నాయి.

ఎలా చెడిపోతాయో చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉత్తరాంధ్రలో ఒక జీడిపప్పు కర్మాగారం అనుకోండి. పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళకు కూలి తూకం మీద. తూకం రాసేది మేస్త్రీ. చదువురాని ఒక కార్మికురాలు కమిటీ ముందుకొచ్చి ఇలా చెప్పింది:

“సంకురాత్రి ఎల్లిన రెండో సంతనాడు తూకం కాడ నా వంతు వచ్చింది. మేస్త్రీ తట్ట అందుకున్నట్టు అందుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ‘సాయంత్రం ఉండిపో, ఓటీ రాస్తాను’ అన్నాడు. నేను చెయ్యి లాక్కున్నాను. ఏటీ అనలేదు. మర్నాటి నుంచి నా తూకం తగ్గించి రాస్తన్నాడు. ఎనిమిది కేజీలు తీస్తే ఏడు రాస్తన్నాడు.”

ఆఫీసులో గుమాస్తా దాన్ని కాగితం మీద ఇలా పెట్టాడు: “సదరు మేస్త్రీ ఫిర్యాదిదారు పట్ల అసభ్యంగా ప్రవర్తించి, తన కోరిక తీర్చమని బలవంతపెట్టి, ఆమె నిరాకరించినందున కక్షగట్టి వేధిస్తున్నాడు.”

ఆ గుమాస్తాకు చెడు ఉద్దేశం లేదు. ఆమెకు మేలు చేద్దామనే గట్టి మాటలు వాడాడు. కానీ విచారణ రోజున ఏం జరుగుతుందో చూడండి. మేస్త్రీ తరఫున ఆమెను అడిగేది ఒకే ప్రశ్న: “కోరిక తీర్చమన్నాడని రాశారు, ఆ మాట ఆయన అన్నాడా?” ఆమె నిజాయితీగా “లేదు, ఉండిపో అన్నాడు” అంటుంది. “బలవంతపెట్టాడని రాశారు, ఎలా బలవంతపెట్టాడు?” ఆమె దగ్గర జవాబుండదు, ఎందుకంటే ఆ మాట ఆమెది కాదు. కాగితానికీ నోటిమాటకూ పొంతన లేదని, ఫిర్యాదు కల్పితమని వాదన మొదలవుతుంది. తాను ఎప్పుడూ అనని మాటలకు ఆమె అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుంది.

పోయినవాటిని కూడా లెక్కపెట్టండి. “ఓటీ రాస్తాను” అనే మాట పోయింది. ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశచూపడం, పైకి చెప్పినా పరోక్షంగా సూచించినా, వేధింపుకు గుర్తుగా 3వ సెక్షన్ ప్రత్యేకంగా పేర్కొంది. కేసులో చట్టానికి సూటిగా తగిలే మాట అది. ఎనిమిది కేజీలకు ఏడు రాశాడన్న సంగతీ పోయింది. తూకం పుస్తకం తెప్పించి, సంతకు ముందు వారాల లెక్కనూ తర్వాతి వారాల లెక్కనూ పక్కపక్కన పెడితే, ఆమె మాట నిలుస్తుందో లేదో కొంతైనా తేలేది. “కక్షగట్టి” అని రాసినందువల్ల ఆ పుస్తకం అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఏరోజు, ఎక్కడ అన్నదీ పోయింది.

ఇదే ఫిర్యాదును ఇంకో గుమాస్తా మరోలా పాడుచేస్తాడు. “తూకం వేసేటప్పుడు మేస్త్రీ చెయ్యి తగిలిందని, దాన్ని ఆమె వేధింపుగా భావిస్తున్నదని ఆరోపణ” అని రాస్తాడు. పట్టుకున్నాడని ఆమె చెబితే తగిలిందని రాయడం అంటే విచారణ చేయకుండానే మేస్త్రీని వదిలేయడం. మొదటి రాత మేస్త్రీని దోషిని చేసింది, రెండో రాత అతన్ని నిర్దోషిని చేసింది. తీర్పు చెప్పే అధికారం ఆ బల్ల దగ్గర కలం పట్టుకున్న ఇద్దరిలో ఎవరికీ లేదు.

కాబట్టి మేం అడిగేది ఇది. నోటితో చెప్పిన ఫిర్యాదును ఆమె భాషలో, ఆమె మాటల్లో, ఆమె చెప్పిన వరసలో, “నేను” అని ఆమే మాట్లాడుతున్నట్టుగా రాసే పద్ధతిని ప్రతి కమిటీ తన నిబంధనగా చేసుకోవాలి. రాసేటప్పుడు ఇద్దరు సభ్యులుండాలి, వారిలో ఒకరైనా మహిళ అయివుండాలి. ముందుగా ఆమెను ఆపకుండా మొత్తం చెప్పనివ్వాలి. ఆ తర్వాతే ప్రశ్నలు, అవీ “తర్వాత ఏమైందమ్మా?”, “ఆయన ఏమన్నాడో ఆ మాటే చెప్పండి”, “అప్పుడు దగ్గర ఎవరున్నారు?” లాంటివే. “నడుం మీద కూడా చెయ్యేశాడు కదా?” అని జవాబు నోట్లో పెట్టే ప్రశ్న వేయకూడదు. “మరి ఎందుకు అరవలేదు?” అని నిలదీసే ప్రశ్న అసలు వేయకూడదు. అడిగిన ప్రతి ప్రశ్ననూ జవాబు పైన రాయాలి. ఏ మాట ఆమె తనంతట చెప్పిందో, ఏది అడిగితే చెప్పిందో తర్వాత చదివేవారికి తెలియాలి.

తేదీ దగ్గర చాలా కమిటీలు తడబడతాయి. ఆమె “రెండో సంతనాడు” అంటే అదే రాయాలి. క్యాలెండర్ చూసి తేలిన తేదీని పక్క కాగితం మీద, “రాసినవారు లెక్కవేసినది” అని స్పష్టంగా పెట్టాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువుంది, వరసగా జరిగిన ఘటనలైతే చివరి ఘటన నుంచి లెక్క. కారణాలు రాసి ఇంకో మూడు నెలల వరకు కమిటీ పొడిగించవచ్చు. అందుకే తేదీ కావాలి. ఐతే మన లెక్క తప్పితే ఆ తప్పు ఆమె నోటికి అంటుకోకూడదు.

బూతుమాట వస్తే చుక్కలు పెట్టి, “రాయరాని మాట” అని వదిలేయకండి. అన్నాడని ఆమె చెప్పిన మాటను అక్షరం పోకుండా రాయండి, ఫిర్యాదు ఆ మాట గురించే కావచ్చు. ఆమె కళ్ళారా చూసింది వేరు, పక్కన కూర్చునే మనిషి చెబితే విన్నది వేరు. “నాతో ఫలానా ఆమె చెప్పింది” అని ఆమె అంటే అలాగే రాయండి. ముందొకటి చెప్పి తర్వాత దిద్దుకుంటే రెండూ ఉండాలి. పాతదాన్ని కనబడేలా ఒక్క గీతతో కొట్టి, పక్కన ఆమె సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఆమె ఏడిస్తే “తీవ్ర ఆవేదనతో” అని గాని, “నటిస్తున్నట్టుంది” అని గాని రాయవద్దు. “ఇక్కడ ఆగి, మంచినీళ్ళు తాగి, పది నిమిషాల తర్వాత మళ్ళీ చెప్పారు” అని పక్క కాగితం మీద రాస్తే చాలు. బాధితురాలు, నిందితుడు అనే మాటలు వద్దు. ఫిర్యాదిదారు, ప్రతివాది చాలు. ఆమె చెప్పిన ప్రతి వాక్యం చివరా “అని ఆరోపించింది” తగిలించడమూ వద్దు. “చెప్పారు” అంటే ఆమె చెప్పిందనే అర్థం, నిజమని మనం ఒప్పుకున్నట్టు కాదు.

రాయడం అయ్యాక మొత్తం ఆమెకు చదివి వినిపించాలి. పోలీస్ స్టేషన్‌లో నోటిమాటగా ఇచ్చిన సమాచారానికి ఈ రక్షణ ఇప్పటికే ఉంది. దాన్ని రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. ఠాణాలో దొరికే రక్షణ కమిటీ గదిలో ఎందుకు దొరకకూడదు? చాలా కంపెనీల్లో ఫిర్యాదు ఇంగ్లీషులో టైపవుతుంది, తాను చదవలేని కాగితం మీద ఆమె వేలిముద్ర పడుతుంది. దీన్ని ఆపాలి. తెలుగు ప్రతే అసలు ఫిర్యాదు, ఇంగ్లీషు కావాలంటే అనువాదం జతచేసుకోండి. నిబంధనల ప్రకారం ఫిర్యాదుకు ఆరు ప్రతులు కావాలి. వాటికోసం కాగితాన్ని బజారులో డీటీపీ సెంటర్‌కు పంపకండి. ఆమె ఎవరో, ఏం చెప్పిందో బయటపడకూడదని 16వ సెక్షన్ నిషేధం ఉంది.

“ఇంత నిష్పక్షపాతంగా రాయడమంటే ఆమెను నమ్మనట్టు కాదా?” అని కొందరు అక్కచెల్లెళ్ళు అడుగుతారు. మనసులో మంటతో అడిగే ప్రశ్న అది. దశాబ్దాలుగా ఆడవాళ్ళ మాటను కొట్టిపారేసిన చోట, ఒక్కరైనా గట్టిగా ఆమె పక్షాన రాయాలనిపించడం సహజం. కానీ ఆమెకు ఆ రాత అండ కాదు, ఇందాక చూసినట్టు ఉరి అవుతుంది. పైగా కాగితం రాసిన సభ్యురాలే రేపు విచారణలో కూర్చుంటుంది. మొదటి రోజే ఆ సభ్యురాలి చేతిరాతలో “వేధించాడు” అని తీర్పు ఉంటే, కమిటీ ముందే నిర్ణయించుకుందని ప్రతివాది అప్పీలుకు వెళ్తాడు. ఫిర్యాదిదారు గెలిచిన కేసు ఆ ఒక్క కారణంతో తిరిగి మొదటికి రావచ్చు.

ప్రతివాది హక్కు కూడా ఇక్కడే ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం మాకు ఇష్టం లేదు. ఫిర్యాదు అందిన ఏడు పనిదినాల్లో అతనికి ఒక ప్రతి పంపాలి, అందిన పది పనిదినాల్లో అతను జవాబివ్వాలి. “అసభ్యంగా ప్రవర్తించావు” అంటే ఏ తప్పూ చేయనివాడు ఏమని జవాబిస్తాడు? “ఫలానా సంతనాడు తూకం దగ్గర చెయ్యి పట్టుకుని ఈ మాట అన్నావు” అంటే, ఆరోజు తాను పనిలో లేనని హాజరు పట్టీ చూపగలడు, లేదా తప్పించుకోలేక దొరుకుతాడు.

యాజమాన్యాల వైపు నుంచి ఇంకో మాట వినిపిస్తుంది: అన్నీ అలాగే రాస్తే అబద్ధపు ఫిర్యాదులు పెరుగుతాయని. నిజమో అబద్ధమో తేల్చడానికే కమిటీకి 11వ సెక్షన్ సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. సాక్షులను పిలిపించవచ్చు, ప్రమాణం చేయించి అడగవచ్చు, తూకం పుస్తకం తెప్పించవచ్చు. అందుకు 90 రోజుల సమయం ఉంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు దురుద్దేశంతో చేసినట్టు కాదని 14వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఆ 90 రోజుల పనిని రాసుకునే అరగంటలో చేయబూనితే విచారణకు చేయడానికేమీ మిగలదు.

కమిటీ సభ్యులారా, మీ తర్వాతి సమావేశంలోనే దీన్ని తీర్మానంగా మినిట్స్‌లో రాయండి: ఫిర్యాదు ఆమె భాషలో, ఆమె మాటల్లో; మా ప్రశ్నలు కనబడేలా; మా అభిప్రాయం ఏదీ లేకుండా; చదివి వినిపించి, నకలు ఆమె చేతికిచ్చి. కార్మిక సంఘాల మిత్రులారా, మీ సభ్యురాలి ఫిర్యాదు నకలు అడిగి తీసుకోండి, ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించండి, ఆమె అనని మాట ఒక్కటి కనిపించినా విచారణ మొదలుకాకముందే సరిచేయించండి.